అన్నాచెల్లెళ్ల ఈసీజీలు

రైల్వేలో క్రీడాకారుల కోటా కింద స్తుతికి ఉద్యోగం దాదాపు ఖాయమైంది. అయిదు వేల మీటర్ల పరుగులో ఆ ఏడాది జిల్లాలోనే కాదు, రాష్ట్రంలో కూడా ఆమెను దాటినవాళ్ళు లేరు. అన్నీ అయిపోయాక, చివరి వైద్య పరీక్షలో తీసిన ఈసీజీ దగ్గర పని ఆగింది. కాగితం పైభాగాన యంత్రం తనంతట తానే రెండు మాటలు అచ్చేసింది: గుండె ఎడమ గది కండరం పెరిగినట్లుంది, ఈసీజీ మామూలుగా లేదు.

"గుండె డాక్టరు రిపోర్టు తెచ్చుకోమ్మా. పదిహేను రోజులు గడువు. అంతదాకా ఫైలు ఆపుతాం" అన్నారు రైల్వే డాక్టరు.

అందులో ఆరు రోజులు అపాయింట్‌మెంటు కోసమే పోయాయి. ఏడో రోజు గురువారం, మార్టూరు నుంచి తల్లి ఎలీసమ్మ, అన్న మార్క్ తోడు రాగా స్తుతి గుంటూరు వచ్చింది. ఎలీసమ్మ మిరపకోతల పని మానుకుని వచ్చింది. వేళ్ళ సందుల్లో ఘాటు ఇంకా వదల్లేదు. కళ్ళు తుడుచుకోవాలన్నా భుజంతో తుడుచుకుంటోంది. మార్క్ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో కోత మిషను నడుపుతాడు. అంతకంటే కబడ్డీ ఆటగాడిగానే అతని పేరు ఊళ్ళు దాటింది. అతను కూతకు వెళ్తే చిలకలూరిపేట దాకా జనం పేరు పెట్టి అరుస్తారు.

డాక్టర్ నజ్మీన్‌కు నలభై ఏళ్ళుంటాయి. గుంటూరులోనే పుట్టి పెరిగిన మనిషి. స్తుతికి మళ్ళీ ఈసీజీ తీయించి, ఆ పొడుగాటి కాగితాన్ని బల్ల మీద పరిచి, చూపుడువేలితో ఒక్కో గీతా చూసుకుంటూ వెళ్ళింది.

"నిద్ర లేవగానే నాడి ఎంతుంటుంది నీకు?"

"నలభై, నలభై రెండు మేడం. మాబు సార్ రోజూ రాయిస్తారు."

మాబు సాహెబ్ ఆమెకు పరుగు నేర్పిన కోచ్. హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు.

"నలభై రెండు చూసి యంత్రం కంగారుపడింది" అంది డాక్టర్. "ఈ గీతలు ఎత్తుగా ఉన్నాయని ఇంకొంచెం కంగారుపడింది. రోజూ పదిహేను, ఇరవై కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళ గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, గట్టిగా కొట్టుకుంటుంది. ఒంటి మీద కొవ్వు లేకపోతే ఆ గీతలు ఇంకా ఎత్తుగా పడతాయి. ఎత్తు ఒక్కటే చూసి జబ్బని అనలేం. నేను చూసేది వేరే." ఆమె ఒక్కో గీత చివర ఉన్న చిన్న గుట్టలాంటి వంపు మీద వేలు పెట్టింది. "దీన్ని టి తరంగం అంటాం. ఎడమ పక్కన అంటించిన తీగల్లో, ఇదిగో, ఇక్కడ, ఇది నిటారుగా ఉండాలి. నీకు ఉంది. బోర్లా పడి ఉంటే అప్పుడు నేను కంగారుపడాలి."

ఎలీసమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని "ప్రభువా" అంది.

ఎకో గదిలో దీపాలు ఆర్పారు. స్తుతి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే, డాక్టరే స్వయంగా పరికరాన్ని పక్కటెముకల మధ్య ఆనించి తెర మీద కొలతలు తీసింది. గుండె గోడ మందం పదకొండు మిల్లీమీటర్లు. డాక్టర్ మళ్ళీ కొలిచింది. మళ్ళీ పదకొండే.

"ఎక్కువా మేడం?"

"ఆడపిల్లలకి హద్దు అంచు. అందుకే మిగతావి జాగ్రత్తగా చూస్తున్నా." ఇంకో రెండు కోణాల్లో చూసింది. తర్వాత తెరను స్తుతి వైపు తిప్పింది. "గోడ చుట్టూ ఒకే మందంగా ఉంది. ఒకచోట ఉబ్బి, ఒకచోట పల్చబడి లేదు. లోపలి గది యాభై నాలుగు మిల్లీమీటర్లు. పెద్ద గది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్ళీ సడలాలి కదా, నీది చక్కగా, వేగంగా సడలుతోంది. గది పెరిగింది, దానికి తగ్గట్టు గోడ కాస్త బలపడింది. కష్టపడే గుండె ఇట్టాగే ఉంటుంది."

స్తుతి లేచి కూర్చుంది. రిపోర్టు ఇవాళే వస్తుందనుకుంది.

డాక్టర్ మాత్రం కలం తీసి అడగడం మొదలుపెట్టింది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చిందా, కళ్ళు తిరిగాయా, ఎప్పుడైనా పడిపోయావా. అన్నిటికీ లేదనే చెప్పింది స్తుతి.

"మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా చనిపోయారా?"

"మా ఇంటాయన పోయాడమ్మా" అంది ఎలీసమ్మ. "ఇమ్మానుయేలు. ముప్పై ఎనిమిదేళ్ళు. అది గుండె కాదులే, ఎండదెబ్బ. యూనిట్లో రాయి దించుతా దించుతా అట్నే కూలిపోయాడు. అందరూ ఎండదెబ్బే అన్నారు."

"ఏ నెలమ్మా?"

"క్రిస్మస్‌కి పది రోజులుందనగా."

డాక్టర్ కలం ఆగింది. ఎలీసమ్మ కూడా ఆగింది. తొమ్మిదేళ్ళుగా చెబుతున్న ఆ మాటను ఆమె మొదటిసారి తన చెవులతో విన్నట్టు, నోరు కొంచెం తెరిచి అలాగే ఉండిపోయింది.

"పొద్దున్నే జరిగిందా, మధ్యాహ్నమా?" డాక్టర్ గొంతు మెత్తగా ఉంది.

"పొద్దున్నే. మంచు ఇంకా పోలా" అంది ఎలీసమ్మ.

గోడకు ఆనుకుని నిలబడ్డ మార్క్ ఫోను జేబులో పెట్టాడు.

"మీరు కూడా ఒక ఈసీజీ తీయించుకోవాలి. అమ్మ కూడా" అంది డాక్టర్ అతనితో.

"నాకెందుకు మేడం? నేను ఆటగాణ్ణి. ఆదివారం పెదకాకానిలో టోర్నమెంటుంది. పెద్ద జట్లవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. నాకేం రోగం?"

"ఐదు నిమిషాల పని."

"తీయించుకోరా" అంది ఎలీసమ్మ. ఆమె స్వరం విని మార్క్ చొక్కా విప్పాడు.

అతని కాగితం మీద యంత్రం చెల్లెలికి రాసినంత గట్టిగా ఏమీ రాయలేదు. గీతలు అంత ఎత్తుగానూ లేవు. కానీ డాక్టర్ దాన్ని చాలాసేపు చూసింది. పక్కనే నిలబడ్డ స్తుతి కూడా చూసింది. ఎడమ పక్క తీగల్లో గుట్టలా నిటారుగా ఉండాల్సిన చోట గీత కిందికి కుంగి ఉంది. ఒకచోట కాదు, వరుసగా అన్నిట్లోనూ. ఇందాక డాక్టర్ తన కాగితం మీద వేలు పెట్టి చూపించిన చోటే.

ఎకోలో గుండె రెండు గదుల మధ్య గోడ పదహారు మిల్లీమీటర్లు వచ్చింది. ఎదుటి గోడ పది. లోపలి గది నలభై రెండే. గుండె సడలడం నెమ్మదిగా, బరువుగా ఉంది.

"చెల్లికి గోడ పెరిగితే కష్టపడే గుండె, నాకు పెరిగితే జబ్బా?" మార్క్ నవ్వుతూనే అడిగాడు. నవ్వు కళ్ళదాకా రాలేదు. "నేనూ కష్టపడుతున్నా గదా మేడం. రోజుకి మూడొందల బైఠక్‌లు తీస్తా."

"అదే నేను తేల్చాలి. కొందరు మగ ఆటగాళ్ళకి పధ్నాలుగు, పదిహేను దాకా గోడ పెరుగుతుంది. కానీ అప్పుడు లోపలి గది కూడా పెరుగుతుంది. ఇల్లు పెద్దది చేసుకునేవాడు గోడలతో పాటు గదులూ పెంచుకుంటాడు. నీకు గోడ లోపలికి పెరిగింది, గది ఇరుకైంది. అదీ ఒక పక్కే. పైగా ఆ టి తరంగాలు. ఆట వల్ల అవి అట్టా తిరగవు." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. ఆడేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పిందా?"

"లేదు" అన్నాడు మార్క్.

స్తుతి నేల వంక చూసింది.

పడిపోయాడు. కిందటి అక్టోబరులో ఇంకొల్లు దగ్గర ఒక పల్లెలో ఫైనల్ ఆడుతూ, వరుసగా రెండు కూతలు పెట్టి వచ్చి, నీళ్ళ ట్యాంకర్ వెనక్కి నడిచి అక్కడ పడిపోయాడు. స్తుతి ఒక్కతే చూసింది. నిమిషంలోపే కళ్ళు తెరిచి, ముందు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "అమ్మకి చెప్పావంటే చంపుతా. ఏం తినకుండా వచ్చా, అంతే" అన్నాడు. ఆమె మాటిచ్చింది.

ఇప్పుడు నోరు విప్పితే అన్న ఆట పోతుంది. అదొక్కటే కాదు. తండ్రి అట్టా పోయాడు, అన్న పడిపోయాడు అని తెలిస్తే ఈ డాక్టర్ తన రిపోర్టు మీద మాత్రం సంతకం పెడుతుందా? ఆ ఆలోచన వచ్చినందుకు స్తుతికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా నోరు పెగల్లేదు.

"మంగళవారం ఇద్దరికీ గుండె ఎమ్మారై తీయిద్దాం" అంది డాక్టర్. "స్తుతి రిపోర్టు అది చూశాకే. మార్క్, అంతదాకా ఆట వద్దు. పరుగు వద్దు, బరువులెత్తొద్దు. ఆదివారం అసలు వద్దు."

"అట్నే మేడం" అన్నాడు మార్క్. చాలా తొందరగా ఒప్పుకున్నాడు.

*

ఆదివారం పొద్దున ఎలీసమ్మ ప్రార్థనకు వెళ్తూ "అన్న లేచాడా?" అని అడిగింది. స్తుతి లోపలికి వెళ్ళి చూస్తే మంచం ఖాళీగా ఉంది. తలుపు వెనక చిలక్కొయ్యకు ఉండాల్సిన ఎర్ర జెర్సీ లేదు. బూట్లు లేవు.

ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే కట్ చేసి, "సాయంత్రం వస్తా. అమ్మకి చెప్పమాక" అని మెసేజ్ పెట్టాడు.

స్తుతి వాకిట్లో నిలబడింది. మనసులో డిసెంబరు, ట్యాంకర్, కుంగిన గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. డాక్టర్ చీటీ మీద నంబరుంది. ఆదివారం పూట ఎత్తుతుందన్న నమ్మకం లేదు. అయినా చేసింది. నాలుగో రింగుకు ఎత్తింది.

"మేడం, నేను స్తుతిని. మా అన్న అబద్ధం చెప్పాడు. నేనూ చెప్పలేదు. అక్టోబరులో ఆడతా పడిపోయాడు. స్పృహ లేదు."

"ఆట మధ్యలోనా, ఆట ఆపాకా?"

"కూత పెట్టి వచ్చిన వెంటనే. ట్యాంకర్ వెనక్కి నాలుగడుగులు వేసి పడిపోయాడు. ఒక నిమిషం."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పెదకాకాని వెళ్ళాడు. ఆడ్డానికి."

"స్తుతీ, విను. అతను ఆడకూడదు. నిర్వాహకులకి నా నంబరివ్వు, నేను మాట్లాడతా. నువ్వు ఎట్టాగైనా వెళ్ళి ఆపు. కొట్లాడినా సరే, తిట్టినా సరే. పడిపోతే మటుకు కదిలించకుండా నాడి చూడు. అందకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండు. ఎవరిచేతనైనా నూట ఎనిమిదికి చేయించు."

స్తుతి మాబు సాహెబ్ ఇంటికి పరిగెత్తింది. ఆయన కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆమె చెప్పింది సగం విని, పార పక్కన పడేసి మోటార్‌సైకిల్ తీశాడు. హైవే ఎక్కారు. ఆమె వెనక కూర్చుని అన్నకు ఫోను చేస్తూనే ఉంది. చిలకలూరిపేట దాటారు. లారీల మధ్య దూరి వెళ్తున్నప్పుడు ఆయన ఒక్కసారి తల తిప్పి, "ఎప్పుడు మొదలు?" అని అరిచాడు.

"పదింటికి!"

అప్పటికే పదీ నలభై.

మైదానం బయటికే మైకు గోల వినపడింది. "మార్టూరు మార్క్! మార్టూరు మార్క్ కూతకి!" స్తుతి బండి ఆగకముందే దూకింది. జనాన్ని తోసుకుంటూ తాడు దగ్గరికి వెళ్ళేసరికి అన్న అవతలి కోర్టులో ఉన్నాడు. ఏడుగురు చేతులు కలిపి వల పన్నినట్టు కదులుతున్నారు. అతను ఎడమకు వంగి, కుడికి దూకి, కాలు చాచి ఒకణ్ణి తాకాడు. ఇద్దరు నడుం పట్టుకున్నారు. వాళ్ళను ఈడ్చుకుంటూ గీత వైపు మోకాళ్ళ మీద వస్తున్నాడు. మెడనరాలు ఉబ్బాయి. జనం లేచి నిలబడ్డారు. స్తుతికి ఏ అరుపూ వినపడలేదు. అతని ముఖం మాత్రమే కనపడుతోంది. చెయ్యి గీతను తాకింది. విజిల్ పడింది.

అతను లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల వంచి రెండడుగులు వేశాడు.

స్తుతి తాడు దాటి కోర్టులోకి వెళ్ళిపోయింది.

"ఏయ్ అమ్మాయ్! బయటికెళ్ళు!" అంపైర్ అరిచాడు.

ఆమె నేరుగా వెళ్ళి అన్న ముందు నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది. నిలబడే ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. కళ్ళు ఆమెను గుర్తుపట్టాయి.

"ఏందే ఇది? సిగ్గు లేదా? పో అవతలికి!"

"పోను." ఆమె అంపైర్ వైపు తిరిగింది. "వీడు మా అన్న. డాక్టరు ఆడొద్దన్నది. ఇంతకుముందు ఆడతా స్పృహ తప్పి పడిపోయాడు. ఇదిగో, డాక్టరమ్మ నంబరు. మాట్లాడండి."

మైకు ఆగింది. మాబు సాహెబ్ లోపలికి వచ్చి, డాక్టర్‌కు ఫోను కలిపి, నిర్వాహకుల్లో ఉన్న తన పాత శిష్యుడి చేతికి ఇచ్చాడు. అతను విన్నాడు. "సరేనండి... సరేనండి" అంటూ రెండు నిమిషాలు విని, ఫోను తిరిగిచ్చి, "మార్క్, జెర్సీ తీసెయ్యరా" అన్నాడు.

"చూశావుగా ఇప్పుడు ఆడా! ఏమన్నా అయిందా? చెప్పు, ఏమన్నా అయిందా?" మార్క్ అరుస్తూనే ఉన్నాడు. నిజంగానే ఏం కాలేదు. ఇంకో కూత పెట్టినా ఏం కాకపోవచ్చు. కావచ్చు.

బయటికొచ్చాక చెల్లెలితో ఒకే మాట అన్నాడు. "డాక్టరు దగ్గర మంచిదానివై, నా బతుకు తీసి నీ ఉద్యోగం కొనుక్కున్నావు."

స్తుతి మోటార్‌సైకిల్ వైపు నడిచింది. నిజానికి తన రిపోర్టు కూడా పోతుందేమోనన్న భయంతో మూడు రోజులు నోరు మూసుకున్న మనిషి తను. ఆ సంగతి అన్నకు చెప్పడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

*

మంగళవారం ఎమ్మారై గదిలోకి ముందు స్తుతి, తర్వాత మార్క్ వెళ్ళారు. చేతి నరంలోకి మందు ఎక్కించి, కాసేపు ఆగి మళ్ళీ బొమ్మలు తీశారు. మార్క్‌కు ఒంటి మీద ఒకరోజంతా ఉండే చిన్న రికార్డింగ్ పెట్టె కూడా కట్టారు. స్తుతిని ముఖానికి మాస్కు పెట్టి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకుంటోందో, రక్తపోటు సరిగ్గా పెరుగుతోందో లేదో కొలిచారు. ఆమె దిగేదాకా టెక్నీషియన్ యంత్రం వేగం మూడుసార్లు పెంచాల్సి వచ్చింది.

గురువారం తల్లీపిల్లలు ముగ్గురూ డాక్టర్ గదిలో కూర్చున్నారు. మార్క్ ఇంకా చెల్లెలితో మాట్లాడటంలేదు. స్తుతి గడువు రేపటితో సరి.

నజ్మీన్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. రెండింట్లోనూ నల్లటి వలయం. అది గుండె కండరం.

"ఎక్కించిన మందు ఆరోగ్యంగా ఉన్న కండరంలో ఆగదు, కడుక్కుపోతుంది. మచ్చ పడ్డ చోట ఆగిపోయి తెల్లగా కనపడుతుంది." ఆమె ఎడమ బొమ్మ మీద కలం ఆనించింది. "ఇది స్తుతిది. తెలుపు లేదు."

కుడి బొమ్మలో గోడ ఒకవైపు లావుగా ఉంది. ఆ లావు మధ్యలో బూడిద చల్లినట్టు తెల్లటి మరకలు. ఎలీసమ్మ చేతిలో కొంగు నలిగిపోతోంది.

"ఇది మార్క్‌ది. కండరం అస్తవ్యస్తంగా పెరిగి మధ్యలో మచ్చలు పడ్డాయి. విద్యుత్తు ఆ మచ్చల దగ్గర దారి తప్పుతుంది. రికార్డింగ్ పెట్టెలో కూడా రెండుసార్లు, నువ్వు ఊరికే మెట్లెక్కుతున్నప్పుడు, గుండె వరుసగా ఏడెనిమిది సార్లు అడ్డదిడ్డంగా కొట్టుకుని మళ్ళీ దారిలో పడింది. దీన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటాం. ఆట వల్ల వచ్చింది కాదు. పుట్టుకతో రక్తంలో వస్తుంది. మీ నాన్నకి ఇదే అయ్యుండాలని నా అనుమానం. ఆయన్ని పరీక్షించలేం కాబట్టి ఒట్టేసి చెప్పలేను."

"మూడు నెలలు ఆట మానేస్తే గోడ తగ్గుతుందేమో?" మార్క్ అడిగాడు. ఎక్కడో చదివి వచ్చినట్టున్నాడు. "ఆటగాళ్ళకి తగ్గుద్దంట గదా."

"అనుమానం మధ్యలో ఉంటే అదే చేసేదాన్ని. మానేయించి మళ్ళీ కొలిచేదాన్ని. నీ విషయంలో మధ్యలో ఏమీ లేదు మార్క్. ఈసీజీ, ఎకో, ఈ మచ్చలు, పడిపోవడం, మీ నాన్న, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. మందులు రాస్తా. ఛాతీ చర్మం కింద ఒక చిన్న యంత్రం పెట్టాలి. గుండె దారి తప్పితే అది షాకిచ్చి నిలబెడుతుంది."

"కబడ్డీ?"

"ఆ యంత్రం మీద దెబ్బ తగిలే ఆట వద్దు. పట్టుకుని ఈడ్చే ఆట నీ గుండెకి వద్దు. నిన్ను బతికించాలని చూస్తున్నా. నువ్వు నాకు అబద్ధం చెప్పావు. నాకు కోపం లేదు. మళ్ళీ చెప్పొద్దు."

మార్క్ మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి ముఖం కప్పుకున్నాడు. ఎలీసమ్మ అతని వీపు మీద చెయ్యేసి నిమురుతోంది.

డాక్టర్ స్తుతి ఫైలు తీసింది.

"నీ గుండె ఇవాళ్టికి నూటికి నూరుపాళ్ళూ ఆటగుండె. ఈ జబ్బున్నవాళ్ళు నువ్వు పరిగెత్తినంత పరిగెత్తలేరు. నువ్వు వాడుకున్న ఆక్సిజన్ చూసి మా టెక్నీషియన్ యంత్రం చెడిపోయిందనుకున్నాడు. కానీ అన్నకి ఉన్న జన్యుదోషం నీలోనూ ఉండే అవకాశం సగం. ఉంటే, ఇప్పుడు కనపడకపోయినా తర్వాత బయటపడొచ్చు. రక్తం పంపుదాం. అన్నలో దోషం దొరికితే, అదే నీలో ఉందో లేదో చూస్తారు. రెండు నెలలు పడుతుంది. అంతవరకు పరుగు ఆపాల్సిన కారణం నాకు కనపడలేదు. అట్టాగే రాస్తా. ఏటా పరీక్ష చేయించుకోవాలని కూడా రాస్తా." కలం చేతిలో తిప్పింది. "ఒక చిక్కుంది. ఈ రిపోర్టు పూర్తిగా నిజం కావాలంటే మీ అన్నకి జబ్బు ఉన్న సంగతి ఇందులో ఉండాలి. అది అతని సొంత విషయం. అతను ఒప్పుకుంటేనే రాయగలను. రాయకుండా దాచిపెట్టి సంతకం చేయలేను."

స్తుతి అన్న వైపు చూడలేకపోయింది. అతను వద్దంటే న్యాయమే అనిపించింది. కబడ్డీ లోకంలో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియని సంగతి, రైల్వే ఫైల్లోకి ఎక్కి ఊరంతా పాకుతుంది.

"అన్నా, నీకిష్టం లేకపోతే వద్దు" అంది. "నేను పోయిన గురువారమే చెప్పాల్సింది. చెప్పలా. నీ కోసం కాదు. నా ఉద్యోగం పోద్దని చెప్పలా."

మార్క్ చేతులు తీసి ఆమెను చూశాడు. ఆదివారం తర్వాత అదే మొదటిసారి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆదివారం ఆ కూత పెట్టి లేచాక," అన్నాడు, "కళ్ళ ముందు మసకలు కమ్మాయి. నువ్వు వచ్చి భుజాలు పట్టుకున్నావు. పట్టుకోకపోతే పడేవాణ్ణేమో. నాకు తెలియదు." తల తిప్పి డాక్టర్‌తో అన్నాడు. "రాయండి మేడం. మార్క్, సన్నాఫ్ ఇమ్మానుయేలు అని పేరుతో సహా రాయండి."

"పేరు అక్కర్లేదు. సోదరుడు అని రాస్తే చాలు."

డాక్టర్ రాయడం మొదలుపెట్టింది. సాయంత్రం నాలుగింటికి స్తుతి ఆ కవరు పట్టుకుని బస్సెక్కింది. మర్నాడు రైల్వే ఆఫీసు తెరిచే వేళకే అక్కడ ఉంది. రిపోర్టు చదివిన డాక్టరు రెండు ప్రశ్నలడిగి, నజ్మీన్‌తో ఫోన్లో మాట్లాడి, ఫైలు ముందుకు పంపారు.

*

మార్క్ ఛాతీలో యంత్రం పెట్టి నెలన్నర అయ్యాక జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. అతనిలో దోషం దొరికింది. స్తుతిలో లేదు. ఆ సంగతి డాక్టరే స్తుతికి ఫోన్లో చెప్పింది. ఆమె గుండె మీద ఇక ఏ అనుమానమూ లేదు. రేపు తనకు పుట్టబోయే పిల్లలకూ ఈ భయం లేదు. వాకిట్లో అన్న కూర్చుని ఉన్నాడు. ఎలా చెప్పాలో తెలియక నిలబడిపోయింది.

"నీకు లేదంట గదా" అన్నాడు అతనే. "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏడవమాక. ఇద్దరికీ ఉంటే అమ్మ ఏమయ్యేది?"

డాక్టర్ ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఎలీసమ్మ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. దోషం తండ్రి వైపు నుంచే వచ్చి ఉండాలి. తండ్రి తమ్ముడు జయరావు పొన్నూరులో ఉంటాడు. ఆయన, ఆయన కొడుకులు కూడా పరీక్ష చేయించుకోవాలి. ఫోను చేస్తే ఎవరూ లెక్కచేయలేదు. పెద్దకొడుకు బెన్నీ కానిస్టేబుల్ పరుగుకు తయారవుతున్నాడు. "నేను పదహారొందల మీటర్లు ఆరు నిమిషాల్లో కొడతన్నా, నాకు గుండెజబ్బేందక్కా" అని నవ్వి పెట్టేశాడు.

రైల్వేలో చేరడానికి ఇంకా నాలుగు రోజులుండగా, అన్నాచెల్లెళ్ళు పొన్నూరు బయల్దేరారు. కొన్ని నెలలు బండి నడపొద్దని డాక్టర్ చెప్పింది కాబట్టి స్తుతి నడిపింది. వెనక కూర్చోవడం మార్క్‌కు నచ్చలేదు. దారంతా గేరు మార్చు, బ్రేకు మీద కాలెయ్యి అని సణుగుతూనే ఉన్నాడు.

బెన్నీ అప్పుడే పరుగు ముగించి వచ్చి, అరుగు మీద చెమటతో కూర్చున్నాడు. జయరావు, ఆయన భార్య కుర్చీలు వేశారు. స్తుతి రిపోర్టులు తీసి చెప్పబోతే బెన్నీ మళ్ళీ అదే నవ్వు నవ్వాడు.

"ఒరేయ్ బెన్నీ, ఇట్రా" అన్నాడు మార్క్.

చొక్కా పై గుండీలు మూడు విప్పాడు. ఎడమ భుజం కింద చర్మం ఉబ్బి ఉంది. దాని మీద వేలెడు పొడుగు మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. బెన్నీ నవ్వు ఆపి దాని వైపే చూశాడు. మార్క్ వాడి చెయ్యి పట్టుకుని ఆ ఉబ్బు మీద పెట్టించుకున్నాడు.

"నేనూ నీ మాటే అన్నా. ఆటగాణ్ణి, నాకేం రోగం అన్నా. పడిపోయి కూడా అన్నా. నీకు లేకపోవచ్చు. లేకపోతే దర్జాగా పరిగెత్తు, ఇదిగో స్తుతిలాగ. ఉంటే మటుకు, కానిస్టేబుల్ పరుగులో పడిపోతే పట్టుకోడానికి నీ పక్కన ఎవరూ ఉండరురా."

జయరావు అరుగు దిగి, లోపలికి వెళ్ళి, ఉతికిన చొక్కా ఒకటి తెచ్చి కొడుకు ఒళ్ళో వేశాడు.

"వేసుకో. గుంటూరు బస్సు పన్నెండింటికుంది" అన్నాడు.